కొలైటిస్ అన్నారు, ఇప్పుడు క్రోన్స్ అంటున్నారు

డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 31. నాలుగేళ్ల కిందట రక్తం, బంక కలిసిన విరేచనాలు మొదలయ్యాయి. రోజుకు ఏడెనిమిది సార్లు పరుగెత్తాల్సి వచ్చేది. కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. మెసాలమీన్ మాత్రలు, రాత్రిపూట లోపల పెట్టుకునే సపోజిటరీ ఇచ్చారు. మూడేళ్లు బాగానే గడిచింది. ఆ సపోజిటరీ ఇప్పటికీ వాడుతున్నాను.

ఆరు నెలలుగా తీరు మారింది. రక్తం పెద్దగా లేదు కానీ తిన్న గంటకు పొత్తికడుపులో కుడివైపు మెలిపెట్టినట్టు నొప్పి. 58 కిలోలు ఉండేదాన్ని 52కి వచ్చాను. మధ్యలో మలద్వారం పక్కన గడ్డ లేచి చీము తీయించుకున్నాను. మోకాళ్ల నొప్పులకు మూడు నెలలుగా డైక్లోఫెనాక్ వేసుకుంటున్నాను. మళ్లీ కొలనోస్కోపీ చేస్తే రెక్టం మామూలుగా ఉందని, పెద్దపేగులో అక్కడక్కడా పుండ్లని, సీకంలో ఎర్రటి మచ్చ, టెర్మినల్ ఇలియంలో పుండ్లు ఉన్నాయని రాశారు. బయాప్సీలో గ్రాన్యులోమా లేదు.

కొత్త డాక్టర్ ఇది క్రోన్స్, అజాథయోప్రిన్ గానీ ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ మొదలుపెట్టాలి అంటున్నారు. పాత డాక్టర్ గ్రాన్యులోమా లేదు కాబట్టి కొలైటిసే, మెసాలమీన్ పెంచి కొన్నాళ్లు స్టెరాయిడ్ వాడదాం అంటున్నారు. మా అన్నయ్యేమో పెద్దపేగు తీయించేస్తే పీడ పోతుంది అంటున్నాడు. ఏడాది రెండేళ్లలో బిడ్డను కనాలని ఉంది. ఎవరి మాట వినాలి? ఈ మందులు జీవితాంతమా?

*

మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే కొత్త డాక్టర్ చెప్పిందే నిజం అయ్యే అవకాశం ఎక్కువ. కానీ అందుకు కారణాలు మీ రిపోర్టులో అందరి కళ్లూ ముందు పడే చోట లేవు. అవి ఎక్కడున్నాయో తెలిస్తే ఇద్దరు డాక్టర్లతోనూ మీరే సూటిగా మాట్లాడగలుగుతారు.

ముందుగా ఈ రెండు జబ్బులకూ అసలు తేడా ఎక్కడుందో చెబుతాను. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగు లోపలి పొరకే పరిమితం. అది రెక్టంలో, అంటే మలద్వారానికి పైనున్న చివరి భాగంలో మొదలై, మధ్యలో ఖాళీ వదలకుండా పైకి పాకుతుంది. పొర పచ్చిపుండులా ఉండటం వల్ల రక్తం, బంక, ఆపుకోలేని తొందర, వెళ్లొచ్చాక కూడా ఇంకా వస్తున్నట్టే అనిపించడం ఇందులో ముందుంటాయి. నాలుగేళ్ల కిందట మీకున్నవి ఇవే. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. ఒకచోట ఉండి, కొంత మేర వదిలేసి, మరోచోట కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అది పేగు గోడ మొత్తంలోకి దిగుతుంది. అందుకే పేగు దళసరెక్కి సన్నబడుతుంది, గోడను దాటి చీముగడ్డలు, పేగు నుంచి పక్కకు తొలుచుకునే ఫిస్టులా దారులు వస్తాయి. దీనికి చాలా ఇష్టమైన చోటు చిన్నపేగు చివరి భాగం. మీ రిపోర్టులో టెర్మినల్ ఇలియం అని రాసింది దాన్నే. అది పొత్తికడుపులో కుడివైపు ఉంటుంది. తిన్న కాసేపటికి అక్కడ మెలిపెట్టే నొప్పి, బరువు తగ్గడం, రక్తం అంతగా లేకపోవడం, ఇవన్నీ ఆ చోటుకు సరిపోతాయి.

ఇక కొలనోస్కోపీ రిపోర్టు. రెక్టం మామూలుగా ఉందన్న మాట చూడగానే చాలామంది కొలైటిస్ కాదని తేల్చేస్తారు. ఎప్పుడూ మందు తగలని పేగులో అయితే అది గట్టి ఆధారమే. కానీ మీరు నాలుగేళ్లుగా ప్రతి రాత్రీ రెక్టంలోనే మందు పెట్టుకుంటున్నారు. ఆ మందు తగిలిన మేర పొర మాని, పైభాగం ఇంకా ఎర్రగా ఉండటం కొలైటిస్‌లో మామూలే. పెద్దపేగులో అక్కడక్కడా పుండ్లు ఉండటం కూడా అంతే. మాత్రలు వాడే కొలైటిస్ ఎగుడుదిగుడుగా మానుతుంది, అప్పుడు మధ్యమధ్య ఖాళీలు ఉన్నట్టు కనిపిస్తుంది. సీకంలో, అంటే పెద్దపేగు మొదలయ్యే చోట, ఎర్రటి మచ్చ సంగతీ ఇలాంటిదే. ఎడమవైపు కొలైటిస్ ఉన్నవాళ్లలో కొందరికి అపెండిక్స్ మొదలు దగ్గర విడిగా ఒక మచ్చ కనిపిస్తుంది. అది క్రోన్స్‌కు సాక్ష్యం కాదు. అంటే మీ రిపోర్టులోని నాలుగు మాటల్లో మూడు ఇటూ అటూ కూడా సరిపోతాయి.

అటువైపు, గ్రాన్యులోమా, అంటే వాపు కణాలు గుంపుకట్టిన చిన్న ముద్ద, లేదు కాబట్టి క్రోన్స్ కాదు అన్న మీ పాత డాక్టర్ వాదన అంతకన్నా బలహీనం. కొలనోస్కోపీలో తీసే ముక్క పేగు పైపొరది, గింజంత మాత్రమే. క్రోన్స్ లోతున ఉంటుంది. నిజంగా క్రోన్స్ ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి ఆ చిన్న ముక్కల్లో గ్రాన్యులోమా దొరకదు. దొరికితే సాయపడుతుంది, దొరకకపోతే అది ఏమీ చెప్పినట్టు కాదు.

మిగిలింది టెర్మినల్ ఇలియంలో పుండ్లు. అసలు తీగ ఇక్కడే ఉంది. కొలైటిస్‌లోనూ చిన్నపేగు చివర కాస్త ఎర్రబడవచ్చు. కానీ అది పెద్దపేగు మొత్తం, సీకం దాకా జబ్బు నిండినప్పుడు జరుగుతుంది. పైగా అది తేలికపాటి ఎరుపే తప్ప విడివిడి పుండ్లుగా ఉండదు. మీ పెద్దపేగు చాలాచోట్ల బాగుంది కాబట్టి ఆ వివరణ మీకు అతకదు.

అయితే డైక్లోఫెనాక్ అడ్డొస్తుంది. ఆ జాతి నొప్పి మాత్రలు చిన్నపేగులో అచ్చం ఇలాంటి పుండ్లే చేయగలవు. ఉన్న జబ్బును రెచ్చగొట్టనూ గలవు. మీ డాక్టర్లిద్దరికీ ఈ మాత్ర సంగతి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే వెంటనే చెప్పండి, మాత్ర ఈ రోజే మానేయండి. మోకాళ్లకు పారాసిటమాల్ వాడుకోవచ్చు. ఆ కీళ్ల నొప్పులు కూడా బహుశా పేగు జబ్బులో భాగమే. ఈ రెండు జబ్బుల్లోనూ పేగు రగిలినప్పుడు మోకాళ్లు, చీలమండలు పట్టేస్తుంటాయి, పేగు చల్లబడితే తగ్గుతాయి.

కానీ తేదీలు చూడండి. నొప్పి, బరువు తగ్గడం ఆరు నెలలుగా ఉన్నాయి, మాత్ర మొదలై మూడు నెలలే. పైగా మలద్వారం పక్కన గడ్డను మాత్ర తేలేదు. అలాంటి గడ్డ ఏ పేగు జబ్బూ లేనివాళ్లకు కూడా రావచ్చు, అది ఒక్కటే ఉంటే నేనూ తొందరపడను. కానీ చిన్నపేగు పుండ్లు, కుడివైపు నొప్పి, ఆరు కిలోల తగ్గుదల పక్కన పెట్టి చూస్తే దాని బరువు వేరు. నా అనుమానం క్రోన్స్ వైపు మొగ్గడానికి ఇదే కారణం.

మొదటి డాక్టర్ అప్పుడు తప్పు చెప్పారా అని మీకు అనిపించవచ్చు. అప్పటి లక్షణాలకు కొలైటిస్ అనడం సహజమే. పెద్దపేగులోనే మొదలయ్యే క్రోన్స్‌ను గుర్తుపట్టడం ఎప్పుడూ కష్టమే. క్రోన్స్ గురించి 1932లోనే రాశారు కానీ అది చిన్నపేగు జబ్బుగానే చెలామణీ అయింది. పెద్దపేగులోనూ అది విడిగా వస్తుందని వైద్యులు గట్టిగా ఒప్పుకున్నది 1960 తర్వాతే. ఇప్పటికీ మొదట్లో కొలైటిస్ అనిపించుకుని, ఏళ్ల తర్వాత క్రోన్స్‌గా బయటపడేవాళ్లు కొందరు ఉంటారు. ఏ జబ్బో తేలక మధ్యలో ఉండేవాళ్లూ ఉంటారు. మీ పాత కొలనోస్కోపీ రిపోర్టు బయటికి తీయండి. అందులో రెండు విషయాలు వెతకండి: అప్పుడు ట్యూబు టెర్మినల్ ఇలియంలోకి వెళ్లిందా, అక్కడి నుంచి ముక్క తీశారా? చాలా రిపోర్టుల్లో సీకం దాకా చూశాం అని మాత్రమే ఉంటుంది. అలా ఉంటే అప్పుడు చిన్నపేగు బాగుందని చెప్పడానికి ఆధారం లేనట్టే.

మందు మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి. వీటికి పట్టే కొద్ది వారాలు వృథా కావు. ఒకటి, చిన్నపేగు స్కాన్. ఎంఆర్ ఎంటెరోగ్రఫీ అంటారు. కొలనోస్కోపీ ట్యూబు చిన్నపేగు చివర కొన్ని సెంటీమీటర్లే చూస్తుంది, ఆపైన ఎంత దూరం జబ్బు ఉందో, పేగు ఎక్కడైనా సన్నబడిందో ఈ స్కాన్ చెబుతుంది. మీలా తినగానే నొప్పి వచ్చేవాళ్లు కెమెరా క్యాప్సూల్ మాత్రం తొందరపడి మింగకూడదు, సన్నబడిన చోట అది ఇరుక్కుపోవచ్చు. రెండు, గడ్డ వచ్చిన చోటికి ఎంఆర్ఐ. లోపల ఫిస్టులా దారి గానీ, మిగిలిన చీము గానీ ఉంటే రోగనిరోధక శక్తిని తగ్గించే మందు మొదలుపెట్టే ముందే దాన్ని సర్జన్ శుభ్రం చేయాలి.

మూడోది క్షయ. పేగు క్షయకూ ఇష్టమైన చోటు సరిగ్గా ఇదే, చిన్నపేగు పెద్దపేగుతో కలిసే మూల. నొప్పి, బరువు తగ్గడం, పుండ్లు అన్నీ ఒకేలా ఉంటాయి. క్షయ ఉండగా స్టెరాయిడ్ గానీ ఇన్‌ఫ్లిక్సిమాబ్ గానీ ఇస్తే అది ఒళ్లంతా పాకగలదు. అందుకని ఛాతీ ఎక్స్‌రే, క్షయకు సంబంధించిన రక్తపరీక్ష చేయించాలి. బయాప్సీ ముక్కల్లో క్షయ క్రిమి కోసం వెతికారా అని అడగాలి. వీటితోపాటు హెపటైటిస్ బి పరీక్ష, బి12 కూడా చేయించండి. బి12 ఒంటికి పట్టేది చిన్నపేగు చివరనే కాబట్టి అక్కడ జబ్బుంటే అది తగ్గుతుంది.

మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష గురించి కూడా వింటారు. పేగులో వాపు ఉందా లేదా అన్నది అది బాగా చెబుతుంది, తర్వాత మందు పనిచేస్తోందో లేదో చూడటానికి పనికొస్తుంది. కానీ కొలైటిసా క్రోన్సా అన్నది అది చెప్పలేదు. డైక్లోఫెనాక్ కూడా దాన్ని పెంచుతుంది కాబట్టి ఆ మాత్ర మానిన కొన్ని వారాల తర్వాత చేయించుకోండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు ఒక్కొక్కటీ చూద్దాం.

మెసాలమీన్ పెంచి స్టెరాయిడ్ వాడటం మొదటిది. ఇది కొలైటిసే అయితే ఈ సలహా తప్పు కాదు. తేలికపాటి, మధ్యరకం కొలైటిస్‌కు మెసాలమీన్ మంచి మందు, రోజుకు 2.4 నుంచి 4.8 గ్రాముల వరకు ఇస్తారు, ఏళ్ల తరబడి వాడినా అప్పుడప్పుడు కిడ్నీ పరీక్ష చేయించుకుంటే సరిపోతుంది. మందు పైపొర మీద పూసినట్టు పనిచేస్తుంది, కొలైటిస్ ఉండేది పైపొరలోనే కాబట్టి అక్కడ సరిపోతుంది. గోడ లోతున ఉండే క్రోన్స్‌కు అది అందదు. క్రోన్స్‌లో మెసాలమీన్ వల్ల చెప్పుకోదగ్గ లాభం లేదని పరిశోధనలు తేల్చాయి. స్టెరాయిడ్ సంగతి వేరు. ప్రెడ్నిసొలోన్ 40 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి రెండు నెలల్లో తగ్గించి ఆపేస్తే ఏ జబ్బయినా ముందు చల్లబడుతుంది. ప్రమాదం అక్కడే ఉంది. మీకు బాగైనట్టు అనిపిస్తుంది, ఆపగానే తిరగబెడుతుంది, మళ్లీ స్టెరాయిడ్. ఈలోగా పేగు గోడ లోపల్లోపల మచ్చకట్టి సన్నబడుతూనే ఉంటుంది. అలా మచ్చకట్టిన పేగును ఏ మందూ వెనక్కి తేలేదు. రెండు జబ్బుల్లోనూ స్టెరాయిడ్ మంట ఆర్పడానికే తప్ప ఏళ్ల తరబడి కాపాడటానికి పనికిరాదు. కాబట్టి ఈ దారిలో వెళ్లాలనుకుంటే, చిన్నపేగు స్కాన్ పూర్తిగా బాగుండి, డైక్లోఫెనాక్ మానాక నొప్పి తగ్గి, కాల్‌ప్రొటెక్టిన్ కిందకు దిగితేనే వెళ్లండి.

రెండోది అజాథయోప్రిన్. రోజుకు కిలోకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు, అంటే మీ 52 కిలోలకు సుమారు 100 నుంచి 130 మిల్లీగ్రాములు వస్తుంది. ఇది నెమ్మది మందు, పూర్తిగా పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందుకే ఇప్పుడున్న మంటను ఆర్పడానికి ఇది ఒక్కటే సరిపోదు, మొదట్లో స్టెరాయిడ్ తోడు కావాలి. మొదలుపెట్టే ముందు టీపీఎంటీ, ఎన్‌యూడీటీ15 అనే జన్యు పరీక్షలు అడగండి. రెండోది ఆసియా వాళ్లకు ఎక్కువ అవసరం. ఆ జన్యువులో తేడా ఉన్నవాళ్లకు మామూలు మోతాదుకే తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. మొదటి వారాల్లో జుట్టు ఒక్కసారిగా కుచ్చులుగా ఊడితే అది దానికి ముందస్తు గుర్తు కావచ్చు, ఆగకుండా రక్తం చూపించుకోవాలి. పరీక్ష మామూలుగా వచ్చినా మొదటి రెండు నెలలు తరచుగా, తర్వాత మూడు నెలలకోసారి రక్తకణాలు, లివర్ పరీక్షలు తప్పవు. మొదటి నెలలో పొట్ట పైభాగంలో తీవ్రమైన నొప్పి, వాంతులు వస్తే ప్యాంక్రియాస్ వాపు కావచ్చు, మందు ఆపి వెంటనే వెళ్లాలి. లింఫోమా అనే క్యాన్సర్ భయం గురించి వినే ఉంటారు. ప్రమాదం పెరిగే మాట నిజమే, కానీ మీ వయసులో ఏడాదికి వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువ.

మూడోది ఇన్‌ఫ్లిక్సిమాబ్. కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున సెలైన్‌లా ఎక్కిస్తారు, మీకు సుమారు 260 మిల్లీగ్రాములు. మొదటి రోజు, రెండో వారం, ఆరో వారం, ఆ తర్వాత ప్రతి ఎనిమిది వారాలకు. రెండు జబ్బుల్లోనూ పనిచేస్తుంది కాబట్టి పేరు కాస్త అటూ ఇటూ అయినా మందు వృథా కాదు. మలద్వారం దగ్గరి ఫిస్టులాలకు ఇప్పుడున్న మందుల్లో దీనికే ఆధారం ఎక్కువ. క్రోన్స్‌లో దీన్ని చివరికి కాక మొదట్లోనే ఇవ్వాలన్న మాట ఈమధ్య బలపడింది. 2024లో వెలువడిన ప్రొఫైల్ అనే అధ్యయనంలో కొత్తగా క్రోన్స్ తేలినవాళ్లకు మొదటి నుంచే ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో పాటు అజాథయోప్రిన్ లాంటి మందు ఇస్తే, ఏడాదికి 79 శాతం మంది మళ్లీ స్టెరాయిడ్ గానీ ఆపరేషన్ గానీ లేకుండా నిలకడగా ఉన్నారు. మెట్టుమెట్టుగా మందు పెంచుకుంటూ పోయిన వాళ్లలో అలా ఉన్నది 15 శాతమే. స్కాన్‌లో చిన్నపేగు జబ్బు గానీ ఫిస్టులా గానీ కనిపిస్తే నేను మీకు ఈ దారే చెబుతాను. దీని లోటు అంటువ్యాధుల ముప్పు, ఖర్చు. కొందరి ఒంట్లో మందుకు వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి అది పనిచేయడం మానేస్తుంది. అజాథయోప్రిన్ తోడుంటే అలా జరిగే అవకాశం తగ్గుతుంది. డోసుల మధ్య ఎక్కువ ఎడం ఇచ్చినా ఆ ముప్పు పెరుగుతుంది, కాబట్టి మొదలుపెడితే తేదీలు తప్పకండి. వెడొలిజుమాబ్, ఉస్టెకినుమాబ్ లాంటి వేరే ఇంజెక్షన్లూ రెండు జబ్బులకూ ఉన్నాయి, ఇది పడకపోతే అటు వెళ్లవచ్చు. టొఫాసిటినిబ్ మాత్ర మాత్రం కొలైటిస్‌కే, క్రోన్స్‌లో అది నిలబడలేదు.

బిడ్డ గురించి అడిగారు కాబట్టి ఇది గుర్తుపెట్టుకోండి. అజాథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ రెండూ గర్భంతో ఉన్నప్పుడు కొనసాగించవచ్చు. మెథోట్రెక్సేట్ ఎవరైనా రాస్తే మాత్రం మీ ఆలోచన ముందే చెప్పండి, అది గర్భానికి హాని చేస్తుంది. బిడ్డకూ మీకూ మందుకన్నా రగులుతున్న జబ్బే ఎక్కువ ప్రమాదం. మూడు నుంచి ఆరు నెలలు జబ్బు పూర్తిగా చల్లబడి ఉన్నాకే ప్రయత్నించండి.

మీ అన్నయ్య మాటలో ప్రేమ ఉంది. కొలైటిస్ విషయంలో అందులో నిజమూ ఉంది. అది పెద్దపేగు జబ్బే కాబట్టి మందులకు లొంగనప్పుడు పెద్దపేగు, రెక్టం తీసేసి చిన్నపేగుతో సంచిలా కుడితే జబ్బు పోతుంది. క్రోన్స్‌లో అలా కాదు. జబ్బున్న ముక్క తీసి కుట్టిన చోటే మళ్లీ పుండ్లు మొదలవుతాయి. కొలైటిస్ అనుకుని సంచి కుట్టాక అది క్రోన్స్ అని తేలితే ఆ సంచి పాడై, తీసేయాల్సి రావచ్చు. మీ జబ్బు పేరు ఇంకా తేలలేదు. తేలేదాకా ఈ ఆపరేషన్ మాట ఇంట్లో ఎవరూ ఎత్తకుండా చూసుకోండి. స్కాన్‌లో చిన్నపేగు చివర కొద్ది మేరే జబ్బుండి, అక్కడ పేగు సన్నబడి ఉంటే ఆ ముక్క మాత్రం తీసే చిన్న ఆపరేషన్ గురించి సర్జన్‌తో మాట్లాడవచ్చు. అది వేరే విషయం. దాని తర్వాత కూడా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు కొలనోస్కోపీ చేసి చూడాలి.

జీవితాంతమా అన్న ప్రశ్నకు సూటి జవాబు: చాలా ఏళ్లు అనుకోండి. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌తో బాగా ఉండి ఆపినవాళ్లలో దాదాపు సగం మందికి ఏడాది రెండేళ్లలో తిరగబెడుతుంది. ఆపే ఆలోచన ఎప్పుడైనా వస్తే, మీకు బాగుందనిపించడం ఒక్కటే చాలదు. కొలనోస్కోపీలో పుండ్లు మానాయని, కాల్‌ప్రొటెక్టిన్ తక్కువగా ఉందని చూశాకే మాట్లాడాలి. రెండు మందులూ కలిపి వాడుతుంటే కొన్నేళ్లకు అజాథయోప్రిన్ ఆపడం సాధ్యమే, ముందు అడగవలసింది దాని గురించే. పెద్దపేగులో జబ్బు మొదలై ఎనిమిదేళ్లు నిండేసరికి క్యాన్సర్ నిఘా కోసం కొలనోస్కోపీలు మొదలవుతాయి. పేరు ఏదైనా మీ లెక్క నాలుగేళ్ల కిందటి నుంచే. ఇంట్లో ఎవరైనా పొగ తాగుతుంటే మీ దగ్గర తాగొద్దని చెప్పండి, మీకే అలవాటుంటే మానేయండి. క్రోన్స్‌ను పొగాకు ఖాయంగా ముదురుస్తుంది.

ఈ పరీక్షలు అయ్యేలోగా పొట్ట ఉబ్బి వాంతులు అవుతూ గాలి కూడా పోకపోతే, చలితో జ్వరం వస్తే, మలద్వారం దగ్గర మళ్లీ వాపు, నొప్పి మొదలైతే, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ మీ రెండు కొలనోస్కోపీ రిపోర్టులు చూపించి, డైక్లోఫెనాక్ ఎప్పుడు మొదలుపెట్టి ఎప్పుడు మానారో కూడా చెప్పండి.